రెండు శాతం తగ్గింది... ఎందుకు?

2025 అక్టోబరు మొదటి వారం. కోస్తా జిల్లాల్లో మూడు షోరూములున్న ఒక గృహోపకరణాల సంస్థలో నెలవారీ సమావేశం జరగబోతోంది. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి షోరూముల సెప్టెంబరు లెక్కలన్నీ కలిపి డ్యాష్‌బోర్డు మీద పెట్టారు. పైన పెద్ద అక్షరాల్లో మొత్తం 744 అని ఉంది. పక్కన ఎర్రబాణం, కిందటేడు సెప్టెంబరు కంటే 2 శాతం తక్కువ అంటోంది. కింద ఊరి వారీగా స్తంభాలు, సరుకు వారీగా రంగుల చక్రం, రోజువారీ గీత ఉన్నాయి. వాటి పక్కన ఖాళీ పెట్టె ఒకటి ఉంది. దానికి పేరు ‘వ్యాఖ్య’. దాన్ని నింపే బాధ్యత అకౌంట్స్ విభాగంలోని అమ్మాయిది.

ఈ సంస్థ, దాని అమ్మకాల అంకెలు వివరణ కోసం అల్లినవి. తేదీలు, పన్ను రేట్లు, వరద, పండగలు మాత్రం నిజంగా జరిగినవే. అయినా ఇలాంటి పెట్టె ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. చాలాచోట్ల అందులో కనిపించే రాత ఇలా సాగుతుంది: ‘సెప్టెంబరులో మొత్తం అమ్మకాలు 744. కిందటేడు ఇదే నెలలో 760. అంటే 2 శాతం తగ్గుదల. గుంటూరు, రాజమండ్రి 14 శాతం పెరిగాయి. విజయవాడ 22 శాతం తగ్గింది. విజయవాడ బృందం మరింత శ్రద్ధ పెట్టాలి.’

మొదటి ఐదు ముక్కలూ బొమ్మలో ఉన్నవే. కళ్లున్నవాళ్లకు వాటిని మళ్లీ చదివి వినిపించనక్కర్లేదు. చివరి ముక్క కొత్తది, కానీ దానికి ఆధారం లేదు. విజయవాడ ఎందుకు తగ్గిందో తెలియకుండానే అక్కడి మేనేజరుకు చీవాట్లు పడ్డాయి. డ్యాష్‌బోర్డు వ్యాఖ్యల్లో మామూలుగా కనిపించే జబ్బు ఇదే. సగం అంకెల పారాయణం, సగం తీర్పు, మధ్యలో ఉండాల్సిన కారణం మాత్రం మాయం.

విజయవాడ సంగతి ముందు తేల్చుకోవాలి. 22 శాతం తగ్గుదల అన్నప్పుడు ఒక చూపు 2025 మీద పడాలి, ఇంకో చూపు 2024 మీద పడాలి. 2024 సెప్టెంబరు 1 నాటికి విజయవాడ నగరం ఎలా ఉందో అక్కడివాళ్లకు గుర్తు చేయక్కర్లేదు. బుడమేరు పొంగింది. సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీరు తీశాక చూసుకుంటే కింది అంతస్తుల్లోని ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు బురద ముద్దలు. మునిగిన కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం 25 వేల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. ఆ డబ్బు చేతికి అందినవాళ్లు, అందకముందే అప్పో సప్పో చేసినవాళ్లు మొదట కొన్నది ఏమిటో ఊహించడం కష్టం కాదు.

మన షోరూము లెక్కల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ షోరూము 260 ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు అమ్మింది. 2025లో 170. చూడగానే గుండె జారే తగ్గుదల. కానీ వరదకు ముందటి ఏడాది, అంటే 2023 సెప్టెంబరులో అదే షోరూము అమ్మినవి 160. కాబట్టి 2025 విజయవాడ పడిపోలేదు, మామూలు స్థాయికి వచ్చింది. వాణిజ్య పరిభాషలో దీన్ని ‘బేస్ ఎఫెక్ట్’ అంటారు. పోలికకు పెట్టుకున్న పాత నెలే అసాధారణంగా ఉంటే, కొత్త నెల ఎంత మామూలుగా ఉన్నా వింతగానే కనిపిస్తుంది. పైగా ఇంటికి కొత్త ఫ్రిజ్ తెచ్చుకున్నవాడు ఏడాదికే ఇంకోటి కొనడు. వరద అమ్మకాలు కొంతవరకు రాబోయే ఏళ్ల అమ్మకాలను ముందుగానే తినేశాయి.

2023తో పోల్చడం కూడా పూర్తిగా శుభ్రమైన పని కాదు. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చింది. నిజ శ్రావణ మాసం ఆగస్టు 17న మొదలై సెప్టెంబరు మధ్య దాకా నడిచింది. శ్రావణం అంటే పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, వాటితోపాటు ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు. అంటే 2023 సెప్టెంబరు కూడా కాస్త ఉబ్బిన నెలే. అలాంటి నెలను కూడా 2025 దాటిందంటే విజయవాడ మేనేజరును తిట్టే పని అసలే లేదు. తెలుగునాట నెలవారీ లెక్కలు రాసేవాడి బల్ల మీద ఇంగ్లీషు క్యాలెండరుతోపాటు పంచాంగం కూడా ఉండాలి. ఈ చిక్కు మనకొక్కరికే ఉన్నదీ కాదు. చాంద్రమాన నూతన సంవత్సరం ఒక ఏడు జనవరిలో, ఒక ఏడు ఫిబ్రవరిలో వస్తుంది కాబట్టి చైనా గణాంకాల సంస్థ చిల్లర అమ్మకాల్లో ఆ రెండు నెలలనూ కలిపి ఒకే అంకెగా ప్రకటిస్తుంది.

విజయవాడను వరద మూలంగా పక్కన పెడితే గుంటూరు, రాజమండ్రి మిగులుతాయి. అక్కడ 420 నుంచి 479కి, అంటే 14 శాతం పెరుగుదల. బాగుంది. కానీ ఇక్కడే అసలు తికమక మొదలవుతుంది.

రోజువారీ గీతను చూస్తే నెల రెండు ముక్కలుగా విరిగిపోయి కనిపిస్తుంది. 21వ తేదీ దాకా గీత నేల మీద పాకుతూ ఉంది. 22న ఒక్కసారిగా నిటారుగా లేచింది. ఆ రోజు ఏం జరిగిందని అడిగితే రెండు జవాబులు వస్తాయి, రెండూ నిజమే. కేంద్రం తగ్గించిన జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చింది 2025 సెప్టెంబరు 22న. దేవీ నవరాత్రులు మొదలైందీ ఆ రోజే. పన్ను తగ్గిందని కొన్నారా, పండగ వచ్చిందని కొన్నారా? గీత చెప్పదు. అయినా చాలా ఆఫీసుల్లో ఆ నెల వ్యాఖ్య ఒక్క ముక్కలో తేలిపోయి ఉంటుంది: ‘జీఎస్టీ తగ్గింపు వల్ల అమ్మకాలు ఊపందుకున్నాయి.’ రెండు కారణాలు ఒకే గుమ్మంలోంచి వచ్చినప్పుడు పేరు గట్టిగా వినిపించినదానికే దండ పడుతుంది.

వీటిని విడదీయడానికి దారి సరుకులోనే దొరుకుతుంది. ఆ రోజు పన్ను అన్ని వస్తువుల మీదా తగ్గలేదు. ఏసీలు, 32 అంగుళాల కంటే పెద్ద టీవీలు 28 శాతం నుంచి 18 శాతానికి దిగాయి. ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు 2018 జులైలోనే 18 శాతానికి వచ్చేశాయి. వాటి పన్ను 2025లో మారలేదు. అంటే ఒకే షోరూములో, ఒకే కప్పు కింద, పన్ను తగ్గిన సరుకూ పన్ను మారని సరుకూ పక్కపక్కనే ఉన్నాయి. పండగ రెండింటికీ వచ్చింది. పన్ను తగ్గింపు ఒకదానికే వచ్చింది. పరిశోధకులు కోరి ఏర్పాటు చేసుకునే పరీక్ష ఇక్కడ ఉచితంగా దొరికింది.

గుంటూరు, రాజమండ్రిలలో ముందు పన్ను మారని సరుకు చూద్దాం. 2024లో సెప్టెంబరు 1 నుంచి 21 దాకా 160 ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు పోయాయి. 2025లో అవే రోజుల్లో 144. పదో వంతు తగ్గింది. కారణం వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. 2025లో మహాలయ పక్షాలు సెప్టెంబరు 8 నుంచి 21 దాకా నడిచాయి, ఆ రోజుల్లో కొత్త వస్తువు ఇంటికి తేవడానికి చాలామంది వెనకాడతారు. 2024లో పక్షాలు 18న మొదలయ్యాయి. అదీ కాక 2024లో సెప్టెంబరు 7న వచ్చిన వినాయక చవితి 2025లో ఆగస్టు 27కే వెళ్లిపోయింది. ఇక 22 నుంచి 30 దాకా చూస్తే 2024లో 80, 2025లో 116. ఈ 45 శాతం పెరుగుదలకూ పన్నుకూ సంబంధం లేదు. 2024లో ఆ తొమ్మిది రోజులూ పక్షాలు, 2025లో అవే తొమ్మిది రోజులు నవరాత్రులు. పైగా 2024లో ఆ రోజుల్లో రెండు ఆదివారాలుంటే 2025లో ఒక్కటే. అయినా ఇంత పెరిగింది.

ఇప్పుడు పన్ను తగ్గిన సరుకు. మొదటి 21 రోజుల్లో 2024లో 120 పోతే 2025లో 54 మాత్రమే పోయాయి. తర్వాతి తొమ్మిది రోజుల్లో 2024లో 60, 2025లో 165. దాదాపు మూడు రెట్లు! సమావేశంలో చప్పట్లు పడే అంకె ఇదే.

చప్పట్లకు ముందు చిన్న లెక్క వేయాలి. పన్ను ఊసే లేకపోతే పెద్ద టీవీలు, ఏసీలు కూడా ఫ్రిజ్‌లలాగే నడిచేవనుకుందాం. అప్పుడు మొదటి 21 రోజుల్లో 120లో పదో వంతు తగ్గి 108 పోవాలి. పోయినవి 54. అంటే 54 అమ్మకాలు ఎక్కడో ఆగిపోయాయి. తర్వాతి తొమ్మిది రోజుల్లో పండగ ఊపుకు 60 కాస్తా 87 కావాలి. అయినవి 165. అంటే పండగ చెప్పలేని అదనం 78. ఈ 78 పక్కన ఆ 54 పెట్టి చూడగానే కథ మారిపోతుంది. మూడు రెట్ల అమ్మకాల్లో ఎక్కువ భాగం కొత్త కొనుగోలుదారులు కారు, అదే నెల మొదట్లో ఆగినవాళ్లే. మిగిలిన 24 మంది ఎవరు? జీఎస్టీ తగ్గబోతోందని ప్రధాని ఎర్రకోట మీద నుంచి చెప్పింది ఆగస్టు 15న. జీఎస్టీ కౌన్సిల్ రేట్లు, తేదీ ఖరారు చేసింది సెప్టెంబరు 3న. ఆగస్టు రెండో సగంలోనే చేయి వెనక్కి తీసుకున్నవాళ్లు ఆ 24 మందిలో కొందరు ఉండాలి. ధర తగ్గింది కదా అని కొత్తగా మనసు పడినవాళ్లు కొందరు ఉండొచ్చు. ఎందరన్నది ఈ లెక్క తేల్చదు.

లెక్క తేల్చిందాన్ని మనుషుల నోట విని రూఢి చేసుకోవాలి. షోరూముల్లో ఎంక్వైరీ పుస్తకం ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చినవాడి ఫోను నంబరు, అడిగిన మోడల్, చివర ‘రిమార్క్స్’ గడి. సెప్టెంబరు రెండో వారం పేజీల్లో ఆ గడి నిండా దాదాపు ఒకే రాత ఉంది: ‘22 తర్వాత’. గుంటూరు షోరూములో ఒక సేల్స్ కుర్రాడిని అకౌంట్స్ అమ్మాయి ఫోనులో అడిగింది, జనం రాలేదా అని. ‘ఎందుకు రాలేదు మేడమ్, శనాదివారాలు నిలబడే చోటు లేదు. అందరూ టీవీ చూసుకుని, కొలతలు తీసుకుని, ఫొటో తీసుకుని పోయారు. బిల్లు వద్దన్నారు అంతే’ అన్నాడు. అమ్మకం తగ్గిన నెలలో జనం తగ్గారా, వచ్చి కొనకుండా పోయారా అన్నది డ్యాష్‌బోర్డులోని బిల్లుల సంఖ్యకు తెలియదు. ఈ పుస్తకానికి తెలుసు.

ఇంతకంటే గట్టి సాక్ష్యం అడ్వాన్సు రసీదులు. 22కు ముందే వెయ్యో రెండు వేలో కట్టి మోడల్ రాయించుకుని, బిల్లు మాత్రం 22 తర్వాత వేయమన్నవాళ్లవి ఆ రెండు ఊళ్లలో 33 రసీదులు దొరికాయి. కొనాలన్న నిర్ణయం 10వ తేదీన జరిగింది, డ్యాష్‌బోర్డుకు అది 23న కనబడింది. డ్యాష్‌బోర్డు బిల్లు తేదీనే లెక్కబెడుతుంది మరి. అది దేన్ని లెక్కబెడుతోందో తెలియకుండా వ్యాఖ్య రాయడం ప్రమాదం. వాహనాల రంగంలోనూ ఇంతే. సియామ్ ప్రకటించేది ఫ్యాక్టరీల నుంచి డీలర్లకు పంపిన బండ్ల సంఖ్య, డీలర్ల సంఘం ఫాడా ప్రకటించేది రవాణా శాఖలో రిజిస్టరైన బండ్ల సంఖ్య. ఒకే నెలలో ఒకటి పెరిగి ఇంకోటి తగ్గొచ్చు, ఆ తేడా అంతా డీలర్ల గోడౌన్లలో పేరుకుంటుంది. ఫాడా లెక్కకు ఆధారం కేంద్రం వారి వాహన్ పోర్టల్. తెలంగాణ అందులో చేరకపోవడంతో ఏళ్ల తరబడి ఆ ‘దేశవ్యాప్త’ అంకెల్లో హైదరాబాద్ బండ్లే లేవు. అంకె కింద చిన్న అక్షరాల్లో ఉండే ఆ సూచనను చదివేవాళ్లు తక్కువ.

ఇక్కడ ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. ‘మరి క్రికెట్ సంగతి?’ మంచి ప్రశ్నే. ఆసియా కప్ సెప్టెంబరు 9 నుంచి 28 దాకా జరిగింది. ఫైనల్లో భారత్, పాకిస్తాన్ తలపడ్డాయి. పెద్ద టీవీల అమ్మకానికి అంతకంటే ఏం కావాలి? దీన్ని పరీక్షించడం తేలిక. క్రికెట్టే కారణమైతే టీవీలు ఎగబాకాలి, ఏసీలు కదలకూడదు. మ్యాచ్ కోసం ఏసీ కొనేవాడు లేడు. రెండింటినీ విడగొట్టి చూస్తే రెండూ ఒకే వంపు తిరిగాయి, సెప్టెంబరు చివర ఏసీలకు సీజన్ కాకపోయినా. పైగా టోర్నీ మొదటి పన్నెండు రోజులూ టీవీలు పడుకునే ఉన్నాయి. క్రికెట్ కొద్దిగా తోసి ఉండొచ్చు, నడిపింది మాత్రం అది కాదు. కారణం అని దేన్ని చెప్పినా, అది నిజమైతే ఇంకెక్కడ కనబడాలి, ఎక్కడ కనబడకూడదు అని అడిగితే చాలు, సగం కారణాలు అక్కడే రాలిపోతాయి. ‘వర్షాల వల్ల’ అన్న మాటకు ఈ పరీక్ష ముందుగా పెట్టాలి. అమ్మకాలు తగ్గిన నెలలో వాన కారణం, పెరిగిన నెలలో సిబ్బంది కృషి కారణం, వ్యాఖ్యల పెట్టెల్లో ఇది పాత ఆనవాయితీ. ఆ వాన పక్క ఊళ్లో కూడా కురిసిందా, అక్కడ కూడా తగ్గిందా అని ఎవరూ అడగరు.

ఈ పద్ధతికీ బలహీనత ఉంది, దాన్ని దాచకూడదు. పండగకు ఫ్రిజ్‌లు ఎంత పెరుగుతాయో టీవీలు, ఏసీలు కూడా అంతే పెరుగుతాయన్నది ఇందులో దాగిన నమ్మకం. అది తప్పయితే 87 అన్న అంకె తప్పు, 78 తప్పు. అందుకే 2024 దసరా రోజులు, అంటే అక్టోబరు 3 నుంచి 12 దాకా లెక్కలు తీసి చూడాలి. అప్పుడు పన్ను మార్పు లేదు. ఆ పది రోజుల్లో ఫ్రిజ్‌లు, పెద్ద టీవీలు, ఏసీలు దాదాపు ఒకే నిష్పత్తిలో పెరిగి ఉంటే నమ్మకం నిలబడుతుంది. పెరగకపోతే లెక్కలో ఆ తేడా సరిచేయాలి. ఇది అరగంట పని, కానీ ఎక్కువమంది వదిలేసేది దీన్నే.

సంఖ్యల నుంచి రూపాయల్లోకి వస్తే ఇంకో గోతిలో పడే అవకాశం ఉంది. ఈ సంస్థ డ్యాష్‌బోర్డు అమ్మకాల విలువను పన్నుతో కలిపి చూపిస్తుంది, బిల్లు మొత్తాన్నే లాక్కుంటుంది కాబట్టి. పాత రేటులో 40 వేల రూపాయల టీవీ తీసుకుందాం. అందులో షోరూముకు వచ్చేది 31,250, మిగతా 8,750 పన్ను. 18 శాతం రేటులో అదే టీవీ 36,875 అవుతుంది. షోరూముకు వచ్చేది ఇప్పుడూ 31,250 రూపాయలే. కొన్నవాడికి 3,125 రూపాయలు మిగిలాయి, షోరూముకు పైసా తగ్గలేదు, కానీ డ్యాష్‌బోర్డులో ఒక్కో టీవీకి దాదాపు 8 శాతం ‘నష్టం’ నమోదైంది. 22 తర్వాత అమ్మిన 165 వస్తువులూ ఇదే ధరవి అనుకుంటే, ఎవరి జేబులోంచీ పోని ఐదు లక్షలకు పైగా రూపాయలు ఎర్రరంగులో కనిపిస్తాయి. ఒక ఏడాది పాటు, అంటే 2026 సెప్టెంబరు దాకా, ఏడాది పోలికలన్నింటిలో ఈ నీడ పడుతూనే ఉంటుంది. విలువను పన్ను తీసేసి చూపించమని డ్యాష్‌బోర్డు తయారుచేసినవాళ్లకు చెప్పడం ఒక మందు. ఆ పని జరిగేదాకా ప్రతి నెల వ్యాఖ్యలో ఒక వాక్యం రాయడం ఇంకో మందు. హిందుస్థాన్ యూనిలివర్ లాంటి కంపెనీలు త్రైమాసిక ఫలితాల్లో ఎంత విలువ పెరిగిందన్నదాన్నీ, ఎంత సరుకు పెరిగిందన్నదాన్నీ వేరువేరుగా చెబుతాయి. ధర మార్పు అమ్మకం మార్పులా వేషం వేయకూడదనే.

ఇంత తవ్విన తర్వాత రాసే వ్యాఖ్య చాంతాడంత ఉండక్కర్లేదు. తవ్విందంతా పోయడం కూడా ఒక తప్పే, యజమాని చదివేది పది పన్నెండు పంక్తులు. అకౌంట్స్ అమ్మాయి చివరికి రాసింది ఇలా ఉంది:

‘మొత్తం అమ్మకాల్లో 2 శాతం తగ్గుదల అసలు పరిస్థితిని చూపడం లేదు. విజయవాడలో 22 శాతం తగ్గుదల 2024 వరద తర్వాతి కొనుగోళ్లతో పోల్చడం వల్ల వచ్చింది. 2023తో పోలిస్తే అక్కడి ఫ్రిజ్, వాషింగ్ మిషన్ అమ్మకాలు కొంచెం ఎక్కువే. గుంటూరు, రాజమండ్రి 14 శాతం పెరిగాయి. నవరాత్రులు ఈ ఏడాది సెప్టెంబరులోనే మొదలవడం ఇందులో ముఖ్య కారణం, పన్ను మారని సరుకు కూడా 22 తర్వాత 45 శాతం పెరగడం దీనికి ఆధారం. పెద్ద టీవీలు, ఏసీలు 22 తర్వాత 165 పోయాయి. ఇందులో పండగకు మామూలుగా పోవాల్సినవి 87 వరకు. మిగతా 78లో సుమారు 54 నెల మొదట్లో వాయిదా పడ్డవే, వాటిలో 33కు అడ్వాన్సు రసీదులున్నాయి. మిగిలిన 24లో ఆగస్టు నుంచి ఆగినవాళ్లు ఎందరో, కొత్తవాళ్లు ఎందరో ఇంకా తెలియదు. గిరాకీ స్థిరంగా పెరిగిందనడానికి ఇప్పటికి ఆధారం లేదు. అక్టోబరు ఆర్డరును 165 లెక్కన కాక 87 లెక్కన వేసుకోవడం మంచిది. విలువ అంకెల్లో పన్ను కలిసి ఉంది, 22 తర్వాతి తగ్గుదలలో ఆ భాగం నిజమైన నష్టం కాదు.’

ఇందులో మూడు రకాల మాటలున్నాయి. ‘వల్ల వచ్చింది’ అని తేల్చి చెప్పింది ఒక చోట. ‘సుమారు’, ‘వరకు’ అని కొలిచి చెప్పింది కొన్ని చోట్ల. ‘ఇంకా తెలియదు’ అని ఒప్పుకుంది ఒక చోట. చదివేవాడు ఏ వాక్యం మీద ఎంత బరువు వేయవచ్చో ఆ మాటలే చెబుతాయి. అన్నింటినీ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో రాసేస్తే రుజువైన వరదా, ఊహించిన గిరాకీ ఒకే వరసలో నిలబడతాయి. ఇంకో విశేషం, ఇందులో అంకెలు మొదటి వ్యాఖ్యలో కంటే ఎక్కువే ఉన్నాయి. కానీ ప్రతి అంకె ఏదో ఒక కారణానికి సాక్ష్యంగా వచ్చింది, తన కోసం తాను రాలేదు.

అంకెలన్నీ సరిగ్గా ఉండి, కారణం చెప్పనందుకు చిక్కుల్లో పడిన పెద్ద కంపెనీ ఉదంతం ఒకటుంది. 1989లో అమెరికాలోని క్యాటర్‌పిల్లర్ సంస్థ 49.7 కోట్ల డాలర్ల లాభం చూపించింది. అందులో దాదాపు 23 శాతం బ్రెజిల్‌లోని ఒక్క అనుబంధ సంస్థ నుంచి వచ్చింది, ఆదాయంలో దాని వాటా 5 శాతమే అయినా. ఆ లాభం యంత్రాలు ఎక్కువ అమ్మి వచ్చింది కాదు. కరెన్సీ మార్పిడి లాభాలు, ఎగుమతి సబ్సిడీలు, వడ్డీలు, పన్ను వెసులుబాట్లు కలిసొచ్చాయి. అన్ని లెక్కలూ కలిపి చూపడంతో బయటివాళ్లకు ఇది కనిపించలేదు. ఫలితాలతోపాటు రాయాల్సిన యాజమాన్య వ్యాఖ్యలోనూ కంపెనీ చెప్పలేదు. 1990 మార్చిలో బ్రెజిల్ కొత్త ప్రభుత్వం ఆర్థిక విధానాన్ని తిరగేసింది. ఆ లాభం మళ్లీ రాదని జూన్‌లో వెల్లడించగానే షేరు పడిపోయింది. 1992లో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ ఆ కంపెనీని తప్పుపట్టింది. వ్యాఖ్య చదివేవాడు కంపెనీని యాజమాన్యం కళ్లతో చూడగలగాలని కమిషన్ అభిప్రాయం. కంపెనీ అంకెలు తప్పని ఆ ఉత్తర్వు అనలేదు.

మన మూడు షోరూములకు ఇప్పుడు అక్టోబరు ఎదురుగా ఉంది. సెప్టెంబరు లెక్కను ఉబ్బించిన క్యాలెండరే అక్టోబరును కుదిస్తుంది. 2024లో దసరా అక్టోబరు 12న వచ్చింది, నవరాత్రుల కొనుగోళ్లన్నీ ఆ నెలలోనే పడ్డాయి. 2025లో దసరా 2వ తేదీకే అయిపోయింది. దీపావళి 2024లో నెలాఖరున 31న వస్తే 2025లో 20న వచ్చింది. కాబట్టి దుకాణం ఎంత బాగా నడిచినా అక్టోబరు డ్యాష్‌బోర్డులో ఎర్రబాణం కనిపించే అవకాశం ఎక్కువ. దీన్ని నెల ముగిశాక చెబితే సాకులా వినిపిస్తుంది, ముందే చెబితే హెచ్చరిక అవుతుంది. అందుకే అకౌంట్స్ అమ్మాయి తన వ్యాఖ్య అడుగున ఇంకో పంక్తి చేర్చింది: అక్టోబరును ఒంటరిగా చూడకుండా సెప్టెంబరు, అక్టోబరు కలిపి 2024లోని అవే రెండు నెలలతో పోల్చాలని. ఆ 24 మంది సంగతి కూడా అక్కడే తేలుతుంది. దీపావళి పోయాక కూడా పెద్ద టీవీలు ఫ్రిజ్‌ల కంటే వేగంగా కదిలితే కొత్త గిరాకీ ఉన్నట్టు. ఫ్రిజ్‌లతో సమానంగా నడిస్తే, లేదా వాటి కంటే వెనకబడితే, అక్టోబరు ఆర్డరు 87 దగ్గర ఆపినందుకు గోడౌనులో చోటు మిగులుతుంది.